రిమోట్ ఉద్యోగం ఒప్పుకునే ముందు పని వేళలు, ఓవర్‌ల్యాప్ రాతలో తేల్చుకోవడం ఎలా?

"ఫ్లెక్సిబుల్ అవర్స్, ఈఎస్‌టీతో నాలుగు గంటల ఓవర్‌ల్యాప్ ఉండాలి." ఆఫర్‌లో వేళల గురించి చాలాసార్లు ఇంతకు మించి ఉండదు. ఈఎస్‌టీ అంటే అమెరికా తూర్పు వైపు, న్యూయార్క్ వాళ్లు వాడే టైమ్. చదవగానే అర్థమైనట్టే ఉంటుంది. కానీ అదే వాక్యాన్ని పట్టుకుని ఒకరు రాత్రి 10:30కి లాప్‌టాప్ మూస్తారు, ఇంకొకరు 11:30కి మూస్తారు, మరొకరు తెల్లవారుజామున 3:30 దాకా కూర్చుంటారు. ముగ్గురూ దాన్ని సరిగ్గానే చదివినట్టు.

ఈ మార్గదర్శి ఆ ఒక్క వాక్యాన్ని సంతకానికి ముందే ఎలా విప్పించుకోవాలో చెబుతుంది. ఉదాహరణకి మీరు భారత కాలమానంలో ఉన్నారని, టీమ్ న్యూయార్క్‌లో ఉందని అనుకుందాం. మీ ఊర్లు వేరైతే అంకెలు మారతాయి, అంతే. పద్ధతి ఇదే.

## 1. ముందు మూడు మాటలు విడదీయండి

ఆఫర్ మాటల్లో కలగాపులగం అయిపోయేవి మూడు.

పని గంటలు: రోజుకి మీరు మొత్తం ఎన్ని గంటలు పని చేస్తారు, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపుతారు అనేది.

ఓవర్‌ల్యాప్: ఆ గంటల్లో టీమ్‌తో పాటు మీరూ ఆన్‌లైన్‌లో ఉండాల్సిన భాగం. మీటింగులు పెట్టేది ఇందులోనే.

అందుబాటు: పని అయిపోయాక కూడా మెసేజ్ వస్తే ఎంతసేపట్లో జవాబివ్వాలి, ఆన్‌కాల్ ఉందా, అంటే అత్యవసరమైతే పిలవగానే పనిలోకి రావాలా అనేది.

ఆఫర్‌లో సాధారణంగా రెండోది ఒక్కటే రాస్తారు. మొదటిది మీకు నచ్చినట్టు అని మీరు అనుకుంటారు. మూడోది అసలు లేదని అనుకుంటారు. ఈ రెండు అనుకోవడాల్లోనే గొడవ మొదలవుతుంది. కాబట్టి మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు కావాలని ఇప్పుడే నిర్ణయించుకోండి.

## 2. కాగితం మీద లెక్క వేయండి, రెండు సీజన్లకీ

చాలామంది ఈ రోజు తేడా చూసుకుని ఆగిపోతారు. భారత కాలం ఏడాది పొడవునా కదలదు. న్యూయార్క్ గడియారం మాత్రం మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. అందుకే వేసవిలో తేడా తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర.

| న్యూయార్క్‌లో | మనకి, వేసవిలో | మనకి, చలికాలంలో |
|---|---|---|
| ఉదయం 9 | సాయంత్రం 6:30 | రాత్రి 7:30 |
| మధ్యాహ్నం 1 | రాత్రి 10:30 | రాత్రి 11:30 |
| సాయంత్రం 5 | తెల్లవారుజామున 2:30 (మర్నాడు) | తెల్లవారుజామున 3:30 (మర్నాడు) |

ఇప్పుడు మీ మనసులో ఉన్న వేళలు దీని పక్కన పెట్టండి. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 దాకా పని చేద్దామని ఉందనుకోండి, మధ్యలో గంట విరామంతో. అక్కడి ఉదయం 9తో పోలిస్తే వేసవిలో ఓవర్‌ల్యాప్ మూడున్నర గంటలు. చలికాలంలో రెండున్నరే. అంటే ఆఫర్‌లో ఉన్న నాలుగు గంటలు మీ వేళలతో ఏ సీజన్‌లోనూ కుదరవు. ఈ సంగతి సంతకానికి ముందు తెలిస్తే బేరం ఆడొచ్చు. చేరాక తెలిస్తే సర్దుకోవడమే.

ఇంకో చిన్న లెక్క. మేనేజర్ ఎక్కడ ఉంటారో అడగండి. టీమ్ న్యూయార్క్‌లో ఉండి, మేనేజర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటే అక్కడ గడియారం ఇంకో మూడు గంటలు వెనక. న్యూయార్క్ ఉదయం 9 నుంచి 1 దాకా అంటే మేనేజర్‌కి ఉదయం 6 నుంచి 10. ఆయన తొమ్మిదింటికి పని మొదలుపెడితే మీ ఇద్దరికీ కలిసేది ఒక్క గంట. టీమ్ మొత్తానికీ ఆ గంటే కావాలి, మీ వారం వారం మాటామంతీకీ ఆ గంటే కావాలి. అప్పుడు మీటింగ్ ఎటు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

యూరప్‌లో కూడా మనుషులుంటే ఇంకో మెలిక ఉంది. అక్కడ గడియారం మారేది మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. అమెరికాతో ఒకే రోజున కాదు. ఆ మధ్య వారాల్లో మీటింగులు కిందామీదా అవుతాయి. అది తాత్కాలికం కాబట్టి దాని మీద బేరం పెట్టకండి, తెలిసి ఉంటే చాలు.

## 3. ఎవరి గడియారం కదలకూడదు?

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. ఎందుకో నా అనుభవం చెబుతాను.

ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూలో "సాయంత్రం 6:30కి ఒక స్టాండప్ ఉంటుంది, గురువారం 9:30కి రివ్యూ, అంతే" అన్నారు. నేను ఆగస్టులో చేరాను. అన్నట్టుగానే సాగింది. నవంబర్ మొదటి సోమవారం క్యాలెండర్ తెరిస్తే స్టాండప్ 7:30లో ఉంది, రివ్యూ 10:30కి వెళ్లి 11:30కి ముగిసేలా ఉంది. ఎవరూ ఏమీ మార్చలేదు. ఆ మీటింగులు న్యూయార్క్ టైమ్‌లో పెట్టారు కాబట్టి అక్కడి గడియారంతో పాటు అవే జరిగాయి. అడిగితే "మీటింగ్ టైమ్ అదేగా, ఉదయం 9" అన్నారు. వాళ్ల వైపు నుంచి అది నిజమే. నాకు చెప్పిన 6:30 ఎక్కడా రాసి లేదు.

కాబట్టి రెండు పద్ధతుల్లో ఒకటి రాతలో ఉండాలి.

టీమ్ గడియారం స్థిరం: ఓవర్‌ల్యాప్ న్యూయార్క్ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా. మీ షిఫ్ట్ వేసవిలో 1:30 నుంచి 10:30, చలికాలంలో 2:30 నుంచి 11:30. ఏడాదికి రెండుసార్లు మీ దినచర్య గంట జరుగుతుంది.

మీ గడియారం స్థిరం: ఏడాదంతా మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 11:30. వేసవిలో ఐదు గంటల ఓవర్‌ల్యాప్ వస్తుంది, చలికాలంలో సరిగ్గా నాలుగు. కంపెనీ షరతు ఎప్పుడూ నెరవేరుతుంది, మీ వేళలు కదలవు. కానీ వేసవిలో ఒక గంట అనవసరంగా ఆలస్యంగా ముగిస్తారు.

నన్నడిగితే, ఇంట్లో ఇంకెవరి వేళలకో మీవి ముడిపడి ఉంటే రెండోది మంచిది. ఒంటరిగా ఉంటే మొదటిది. మూడో దారి బేరం: ఓవర్‌ల్యాప్‌ని మూడు గంటలకి తగ్గించమనడం. అప్పుడు వేసవిలో 9:30కి, చలికాలంలో 10:30కి ముగుస్తుంది. మీటింగులు నిజంగా రోజుకి ఒకటో రెండో అయితే కంపెనీలు దీనికి ఒప్పుకోవడం నేను చూశాను.

టైమ్‌జోన్ పేరు రాసేటప్పుడు: పొట్టి అక్షరాలు నమ్మకండి. ఈఎస్‌టీ అంటే కచ్చితంగా చెప్పాలంటే చలికాలపు టైమ్. వేసవిది ఈడీటీ. చాలామంది ఏడాదంతా ఈఎస్‌టీ అనే రాస్తారు. దాన్ని అక్షరాలా పట్టుకుంటే మీరు వేసవిలో కూడా రాత్రి 11:30 దాకా ఉండాలి. ఐఎస్‌టీ అన్నా అంతే, ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లూ అదే పొట్టి పేరు వాడతారు. కంప్యూటర్లు వాడే పూర్తి పేర్లు రాస్తే గడియారం మార్పుతో సహా అంతా అందులోనే ఉంటుంది:

```
America/New_York
Asia/Kolkata
```

## 4. ఎప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి?

సరైన సమయం: ఆఫర్ ఇస్తామని నోటిమాటగా చెప్పాక, మీరు సరే అనకముందు. మొదటి ఇంటర్వ్యూలోనే ఇంత వివరంగా అడగక్కర్లేదు, "ఓవర్‌ల్యాప్ ఎంత" అని ఒక్కమాట చాలు. సంతకం పెట్టాక అడిగితే అది ప్రశ్న కాదు, విన్నపం.

మనిషి విషయంలో ఒక జాగ్రత్త. రిక్రూటర్‌కి పాలసీ తెలుసు, టీమ్ క్యాలెండర్ తెలియదు. మేనేజర్‌కి క్యాలెండర్ తెలుసు, కాంట్రాక్ట్‌లో ఏముందో తెలియదు. అందుకే మెయిల్ రిక్రూటర్‌కి పంపి, మేనేజర్‌ని కాపీలో పెట్టండి. ఇద్దరూ ఒకే మెయిల్ చూస్తే తర్వాత "నాకు తెలియదు" అనే మాట రాదు.

కంపెనీకి మీ దేశంలో ఆఫీసు లేక, మధ్యలో ఇంకో సంస్థ ద్వారా ఉద్యోగంలోకి తీసుకుంటుంటే (దీన్ని ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ అంటారు) ఇంకాస్త చూసుకోండి. ఆ సంస్థ తన మామూలు నమూనా కాంట్రాక్ట్ పంపుతుంది. అందులో వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 అని ఉండొచ్చు. మేనేజర్ మాట ఒకటి, కాగితం ఇంకొకటి. రెండూ ఒకేలా ఉండేట్టు సంతకానికి ముందే మార్పించండి.

## 5. మెయిల్ రాయడం

ప్రశ్నల జాబితా పంపితే సగం ప్రశ్నలకే జవాబు వస్తుంది. దానికి బదులు మీకు అర్థమైంది మీరే రాసి, "ఇది సరేనా?" అని అడగండి. చదివేవాళ్లకి అవుననడం సులువు, తప్పుంటే దిద్దడమూ సులువు. కింది మెయిల్‌ని మీ ఆఫీసు భాషలో రాసుకోండి.

> ఆఫర్‌కి ధన్యవాదాలు. ఒప్పుకునే ముందు పని వేళలు నాకు సరిగ్గా అర్థమయ్యాయో లేదో చూసుకుందామని రాస్తున్నాను.
>
> 1. పని: సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజుకి 8 గంటలు, దానికి అదనంగా గంట విరామం.
> 2. ఓవర్‌ల్యాప్: America/New_York టైమ్ ప్రకారం 09:00 నుంచి 13:00. నాకది వేసవిలో 18:30 నుంచి 22:30, చలికాలంలో 19:30 నుంచి 23:30.
> 3. మిగతా గంటలు నా వీలు ప్రకారం, మామూలుగా ఓవర్‌ల్యాప్‌కి ముందు.
> 4. రోజువారీ మీటింగులన్నీ ఓవర్‌ల్యాప్‌లోనే. దాటి వచ్చేవి నెలకి రెండుకి మించవు, కనీసం రెండు రోజుల ముందు చెబుతారు.
> 5. ఓవర్‌ల్యాప్ అయ్యాక వచ్చిన మెసేజ్‌లకి మర్నాడు జవాబిస్తాను. ఆన్‌కాల్ లేదు.
> 6. సెలవులు నా దేశపు క్యాలెండర్ ప్రకారం.
>
> ఇందులో ఏదైనా తేడా ఉంటే దిద్ది పంపగలరు. సరిగ్గా ఉంటే 1 నుంచి 6 దాకా కాంట్రాక్ట్‌లో గానీ అనుబంధంలో గానీ చేర్చమని కోరుతున్నాను.

టైమ్‌లు 24 గంటల లెక్కలో రాయడం కావాలనే. "12:30" అంటే పగలా రాత్రా అనే సందేహం దీనితో పోతుంది.

మొదటి అంశంలో వారాల సంగతి గమనించండి. శుక్రవారం న్యూయార్క్‌లో మధ్యాహ్నం 3 అంటే మనకి అప్పటికే శనివారం. వేసవిలో రాత్రి 12:30, చలికాలంలో 1:30. ఓవర్‌ల్యాప్ మధ్యాహ్నం 1కి ముగిస్తే ఈ గొడవ లేదు. కంపెనీ పొద్దుపోయే దాకా ఉండమంటే మాత్రం "శుక్రవారం" ఎవరి శుక్రవారమో రాయించుకోండి. లేకపోతే ప్రతి శనివారంలోనూ ఒక ముక్క పోతుంది.

## 6. వచ్చిన జవాబు చదవడం

స్పష్టమైన అవును వస్తే అదృష్టం. ఎక్కువగా వచ్చేవి ఇవి.

"మేం చాలా ఫ్లెక్సిబుల్, ఏం టెన్షన్ పడకండి." ఇది జవాబు కాదు. మర్యాదగా ఇంకో ప్రశ్న వేయండి: "గత రెండు వారాల్లో ఈ టీమ్‌లో మీటింగులు అన్నిటికంటే ఆలస్యంగా న్యూయార్క్ టైమ్ ప్రకారం ఎన్ని గంటలకి ముగిశాయి?" ఇది జరిగిపోయిన విషయం. దీనికి అంకెతోనే జవాబివ్వాలి. మీ టైమ్‌జోన్‌లోనే ఉన్న ఉద్యోగి ఎవరైనా ఉంటే పావుగంట మాట్లాడించమని కూడా అడగొచ్చు. వాళ్లని ఒక్కటే అడగండి: "నవంబర్ తర్వాత మీరు ఎన్నింటికి ముగిస్తున్నారు?"

"సాధారణంగా ఓవర్‌ల్యాప్‌లోనే, అప్పుడప్పుడు దాటొచ్చు." ఇది నిజాయితీగా ఇచ్చిన జవాబే. అప్పుడప్పుడు అంటే నెలకెన్నిసార్లో, ముందుగా ఎన్ని రోజులకి చెబుతారో పట్టుకోండి. మర్నాడు ఆలస్యంగా మొదలుపెట్టొచ్చా అని కూడా అడగండి.

ఫోన్ చేసి చెప్పడం. మెయిల్‌కి జవాబుగా ఫోన్ వస్తే విసుక్కోకండి, మాట్లాడండి. పెట్టేశాక అదే రోజు "మనం అనుకున్నది ఇది" అని నాలుగు వాక్యాల్లో పంపండి. "దయచేసి సరేనని ఒక్కమాట జవాబివ్వండి" అని చివర్లో రాయండి. వాళ్లు జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టు అనుకోకూడదు. రెండు పనిదినాలు చూసి మళ్లీ గుర్తుచేయండి.

కోపం. ఇంత చిన్న విషయానికి చిరాకు పడితే ఆ చిరాకే మీకు కావాల్సిన సమాచారం. వేళలు రాయడానికి ఇష్టపడని చోట వేళలు తరచూ హద్దు దాటి సాగుతాయి.

## 7. కాంట్రాక్ట్‌లోకి ఎక్కించడం

మెయిల్‌లో అవునన్నారని ఇక్కడే ఆగిపోవద్దు. చాలా కాంట్రాక్టుల చివర్లో "ఇదే సంపూర్ణ ఒప్పందం, ఇంతకుముందు జరిగిన చర్చలకూ రాతలకూ బదులుగా ఇదే చెల్లుతుంది" అనే అర్థంలో ఒక క్లాజ్ ఉంటుంది. మీరు కష్టపడి తెచ్చుకున్న మెయిల్ కూడా ఆ "ఇంతకుముందు రాతల్లోకే" వస్తుంది. మెయిల్‌కి విలువ మిగులుతుంది గానీ, వాదన దగ్గర బలహీనపడుతుంది.

అందుకని ఈ వరుసలో అడగండి. మొదట కాంట్రాక్ట్‌లోని పని వేళల క్లాజ్‌లోనే రాయమనండి. నమూనా మార్చడం కుదరదంటే ఒక పేజీ అనుబంధం అడగండి, దాని ప్రస్తావన కాంట్రాక్ట్‌లో ఉండాలి. అదీ కాదంటే సంతకం చేసే ఆఫర్ లెటర్‌లో రాయించి, కాంట్రాక్ట్ ఆ లెటర్‌ని కొట్టేయకుండా ఉందో లేదో చూడండి. ఇదేదీ కాకపోతే సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి నుంచి మెయిల్. అది చివరి మెట్టు.

అనుబంధంలో ఇంత చాలు:

> ఉద్యోగి ఓవర్‌ల్యాప్ వేళలు America/New_York టైమ్ ప్రకారం సోమవారం నుంచి శుక్రవారం దాకా 09:00–13:00. మిగతా పని వేళలు ఉద్యోగి నిర్ణయించుకుంటారు. ఈ వేళలు మార్చాలంటే కంపెనీ 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి, ఇద్దరూ రాతలో అంగీకరించాలి.

"వ్యాపార అవసరాన్ని బట్టి వేళలు మారవచ్చు" అనే క్లాజ్ తరచుగా ఉంటుంది. దాన్ని తీసేయమంటే సాధారణంగా తీయరు. "30 రోజుల నోటీసుతో" అనే మాట చేర్చమనండి, "ఓవర్‌ల్యాప్ Asia/Kolkata టైమ్ ప్రకారం 23:30 దాటకుండా" అనే హద్దు పెట్టమనండి. తీసేయమనడం కంటే హద్దు అడగడం సులువుగా నెగ్గుతుంది.

దీనికీ పరిమితి ఉంది. రాత ఉన్నంత మాత్రాన కొత్త మేనేజర్ వచ్చి వేరే వేళలు అడగకుండా ఉండరు. తేడా ఏంటంటే, అప్పుడు మార్పు అడుగుతున్నది వాళ్లు, మీరు కాదు.

## 8. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి దిద్దుబాటు

వేసవిలో చేరి చలికాలం లెక్క వేయకపోవడం. మార్చి, నవంబర్ మధ్య వచ్చే ప్రతి ఆఫర్ ఒక గంట తియ్యగా కనిపిస్తుంది. ఎప్పుడూ నవంబర్ టైమ్ చూసి సరే అనండి.

ఓవర్‌ల్యాప్ ఒప్పుకుని షిఫ్ట్ మొదలు రాయకపోవడం. రాత్రి 11:30 దాకా ఉన్నారు, సరే. మర్నాడు ఉదయం 10కి మీ టైమ్‌జోన్‌లోనే ఉన్న సహోద్యోగి కాల్ పెడితే? మిగతా గంటలు ఎప్పుడో, ఎవరి నిర్ణయమో రాసి లేకపోతే రెండు చివరలా లాగుతారు. ఇప్పటికే చేరిపోయి ఉంటే, క్యాలెండర్‌లో పని వేళలు పెట్టుకుని, ఐదో విభాగంలోని మెయిల్‌ని "ప్రస్తుతం నేను పాటిస్తున్న వేళలు" అనే పేరుతో పంపండి.

చాట్‌లో అడగడం. చాట్ మెసేజ్‌లు కొన్ని కంపెనీల్లో కొంతకాలానికి చెరిగిపోతాయి. పైగా మీకు ఇంకా వాళ్ల అకౌంట్ లేదు. మీ సొంత మెయిల్‌కి వచ్చిన రాతే మీ దగ్గర ఉంటుంది.

## 9. సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

- [ ] వేసవి, చలికాలం రెండింట్లో నేను ముగించే టైమ్ అంకెల్లో తెలుసు
- [ ] టైమ్‌జోన్ పూర్తి పేరుతో ఉంది, పొట్టి అక్షరాలతో కాదు
- [ ] గడియారం మారినప్పుడు ఎవరి వేళలు జరుగుతాయో రాసి ఉంది
- [ ] మేనేజర్ ఏ టైమ్‌జోన్‌లో ఉన్నారో తెలుసు
- [ ] శుక్రవారం పని ఎప్పుడు ముగుస్తుందో తెలుసు
- [ ] ఓవర్‌ల్యాప్ దాటే మీటింగులకి సంఖ్య, ముందస్తు నోటీసు ఉన్నాయి
- [ ] ఆన్‌కాల్, సెలవుల క్యాలెండర్ గురించి ఒక్కో వాక్యమైనా ఉంది
- [ ] కాంట్రాక్ట్‌లోని వేళలు, మెయిల్‌లోని వేళలు ఒకటే
- [ ] వేళలు మార్చాలంటే ఎన్ని రోజుల నోటీసో ఉంది
- [ ] అన్నిటి కాపీ నా సొంత మెయిల్‌లో, పీడీఎఫ్‌గా ఉంది

మొదటి మూడింట్లో ఏది ఖాళీగా ఉన్నా సంతకం ఒకరోజు ఆపి, ఆ ఒక్క ప్రశ్నతోనే ఇంకో మెయిల్ పెట్టండి. మిగతావాటిలో ఒకటి రెండు తేలకపోయినా చేరవచ్చు. కాకపోతే చేరిన మొదటి వారంలోనే మేనేజర్‌తో మాట్లాడి రాతలోకి తెచ్చుకోండి.